ఇంటి లెక్క: మాట నుంచి పట్టికలోకి

(తాండూరులో మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



మన కౌన్సెలింగ్ కేంద్రాలకు వచ్చే స్త్రీలను "నెలకు ఇంటి ఖర్చు ఎంతవుతుందమ్మా?" అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు "ఏమోనమ్మా, ఎట్లనో ఎల్లదీస్తున్న". మనం ఆ జవాబు విని, ఈమెకు లెక్క తెలియదని నిర్ణయించుకుంటాం. కాగితం మీద మనకు తోచిన అంకె ఒకటి వేసేస్తాం. కానీ అదే మనిషిని "మొన్న కూలి పైసలు వచ్చినప్పటి నుంచి ఏమేం జరిగిందో చెప్పు" అని అడిగి చూడండి. ఎవరికి ఎంత ఇచ్చిందో, ఎవరి దగ్గర ఎంత తెచ్చిందో, ఏ పూట ఏం వండలేదో పూసగుచ్చినట్టు చెబుతుంది. లెక్క ఆమె దగ్గర ఉంది, కథ రూపంలో ఉంది. కోర్టుకు, బ్యాంకుకు, సర్వేకు కావలసింది పట్టిక. తేదీ, పద్దు, మొత్తం అని మూడు గళ్లు. ఈ కథను ఆ గళ్లలోకి మార్చే పని మన చేతుల మీదుగా జరుగుతోంది కాబట్టి, ఆ మార్చడంలో ఏం నిలుస్తుందో, ఏం జారిపోతుందో ఈ పూట కాస్త వివరంగా చూద్దామనుకుంటున్నాను.

ఇది కేవలం రాతకోతల సంగతి కాదు. 2020 నవంబర్ 4న రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, నెలసరి ఖర్చులు అఫిడవిట్‌గా దాఖలు చేయాలి. వ్యవసాయదారులకు వేరే నమూనా కూడా ఆ తీర్పులోనే ఉంది. పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చినా ఈ అవసరం పోలేదు. గృహహింస చట్టం కింద ఆర్థిక సహాయం అడిగినా అంతే. ప్రమాణం చేసి ఇచ్చే కాగితం అది. అందులో తప్పు అంకె వేస్తే దాని ఫలితం అనుభవించేది మనం కాదు, ఆమె.

ఒక లెక్కను తీసుకుని చివరిదాకా వెళ్దాం. ఇది ఏ ఒక్క మనిషిదీ కాదు. నాపరాళ్ల పాలిషింగ్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ల ఇళ్లలో వినపడే మాటలను కలిపి, తేదీలు వేసి, నమూనాగా కూర్చాను. ఆమె మనతో మాట్లాడిన రోజు 2024 జూలై 15, సోమవారం అనుకుందాం. ఇంట్లో అయిదుగురు. ఆమె చెప్పింది ఇది:

"పోయిన నెల ఆఖరుకు ఇంట్ల రూపాయి లేకుండె. ఒకటో తారీకు ఈయన కూలి దెచ్చిండు, ఆరు వేలు. అసల్కు ఎనిమిది రావాలె, సేటు అడ్వాన్సు కింద రెండు వట్టుకుండు. అండ్ల కిరాణం దుకాణంల పాత ఉద్దెర పన్నెండొందలు గట్టిన. కట్టినంక మళ్లా ఆరొందల సామాను దెచ్చుకున్న, పైసలియ్యలె. ఈయన ఖర్సులకని వెయ్యి దీసుకుండు. కంట్రోలు బియ్యం తెచ్చిన, ముప్పై కిలోలు. అమాస ముంగటి దినం మా తమ్ముడొచ్చిండు, వొయ్యేటప్పుడు పొల్ల చేతుల రెండొందలు వెట్టిండు. సంఘం కిస్తు వెయ్యిన్నూరు. మొన్న శుక్రారం పొల్లకు జొరమొస్తే సూదికి, గోలీలకు నాలుగొందలయినయ్. కూరగాయలకు రోజుకు యాభై. పైసలెల్లక రెండు దినాలు కూర వండలె. నేను మూడు దినాలు కలుపుకు వోయిన, రోజుకు మూడొందలు, ఆ పైసలింక రాలె. ఇప్పుడు నా చేతుల రెండొందలున్నయ్."

కాగితం, పెన్ను తీసుకుని మనలో ఎవరైనా దీన్ని తొందరగా పట్టిక చేస్తే ఏం రాస్తారు? భర్త ఆదాయం 6,000. కిరాణా 1,800. కూరగాయలు 700. వైద్యం 400. కిస్తు 1,100. ఇతరాలు 1,000. చూడటానికి శుభ్రంగా ఉంది. ఇందులో ఆరు అంకెలుంటే మూడు తప్పు. నాలుగోది, ఆ "ఇతరాలు", అంకె సరిగ్గానే ఉన్నా పేరు తప్పు.

మొదటిది ఆదాయం. ఇంటికి వచ్చింది ఆరు వేలే, నిజమే. కానీ అతను సంపాదించింది ఎనిమిది వేలు. రెండు వేలు పాత అప్పు కింద కోత పడింది. గనుల్లో, పాలిషింగ్ పనుల్లో అడ్వాన్సు తీసుకోవడం, అది కూలిలోంచి కోసుకోవడం మామూలు. ఆమె ఒక్క వాక్యంలో చెప్పిన ఈ సంగతి పట్టికలో రెండు వరుసలు కావాలి: కూలి 8,000 జమ, అడ్వాన్సు కోత 2,000 ఖర్చు, రెండూ ఒకే తేదీన. చేతికి వచ్చే మొత్తం మారదు. కానీ రేపు మనోవర్తి కోరాల్సి వస్తే అతని ఆదాయం పదిహేను రోజులకు ఎనిమిది వేలా, ఆరు వేలా అన్నది చాలా పెద్ద తేడా. అడ్వాన్సు తీరిపోయాక కోత ఆగిపోతుంది, సంపాదన మాత్రం అంతే ఉంటుంది. ఆ అడ్వాన్సు ఎప్పుడు, దేనికి తీసుకున్నారో కూడా అప్పుడే అడగాలి. ఆమె ప్రసవానికి తీసుకున్నదా, అతని చెల్లెలి పెళ్లికా అన్నది వేరే పద్దు.

రెండోది కిరాణా. పన్నెండు వందలు, ఆరు వందలు కలిపి పద్దెనిమిది వందల తిండి ఖర్చు అని రాశాం. కానీ పన్నెండు వందల సామాను జూన్‌లోనే తినేశారు. జూలైలో కట్టింది బాకీ మాత్రమే. ఆరు వందల సామాను ఇంట్లోకి వచ్చింది, కానీ చేతిలోంచి రూపాయి కదల్లేదు. ఉద్దెర వ్యవహారంలో ప్రతి సరుకుకూ రెండు తేదీలుంటాయి, తెచ్చిన తేదీ, కట్టిన తేదీ. రెండింటినీ "కిరాణా" అనే ఒకే పద్దు కింద వేస్తే ఆ ఆరు వందలు ఇప్పుడొకసారి, వచ్చే నెల కట్టినప్పుడు ఇంకోసారి లెక్కకు వస్తాయి. కాబట్టి పద్దుల పేర్లే వేరుగా ఉండాలి. కట్టినది "ఉద్దెర తీర్చడం", తెచ్చినది "తిండి, ఉద్దెరకు". మొదటిది డబ్బు లెక్కలోకి వస్తుంది, రెండోది వాడకం లెక్కలోకి వస్తుంది. ప్రభుత్వం చేసే కుటుంబ వినియోగ వ్యయ సర్వేలో కూడా తిండి విషయంలో చూసేది ఆ ఇంట్లో ఎంత వాడారని. పొలంలోంచి వచ్చిన కందిపప్పును కూడా విలువకట్టి కలుపుతారు. తాండూరు ప్రాంతంలో కంది పండించే ఇళ్ల లెక్క రాసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. పప్పు కొనలేదు కాబట్టి పప్పు ఖర్చు సున్నా అని రాయకూడదు.

కంట్రోలు బియ్యం సంగతీ ఇదే. ముప్పై కిలోలు ఉచితంగా వచ్చాయి. మొత్తం గడిలో సున్నా వేస్తే ఆ ఇంటికి బియ్యం అవసరమే లేదన్నట్టు ఉంటుంది. ఆ గడి ఖాళీ ఉంచి, పక్కన "30 కిలోలు, కంట్రోలు" అని రాయడం మేలు. సున్నా అంటే లేదని, ఖాళీ అంటే రూపాయల్లో లేదని లేదా తెలియదని. ఈ రెండూ కలిసిపోతే తర్వాత విడదీయడం ఎవరివల్లా కాదు. రేపు ఆమె పుట్టింటికి వెళ్లి, రేషన్ కార్డులో పేరు మాత్రం అత్తగారింట్లోనే ఉంటే ఆ బియ్యం కొనుక్కోవాల్సి వస్తుంది. అప్పుడు ఈ ముప్పై కిలోల వరుసే ఆధారం.

ఇక కూరగాయలు. రోజుకు యాభై అని ఆమె అంది, మనం పద్నాలుగు రోజులు గుణించి 700 వేశాం. కానీ ఆ వెంటనే "రెండు దినాలు కూర వండలె" అంది కదా. కాబట్టి పన్నెండు రోజులే, 600. వినేవాళ్లం అంకె ఉన్న వాక్యం దగ్గర ఆగుతాం, అంకె లేని వాక్యాన్ని బాధగా విని వదిలేస్తాం. ఇక్కడ ఆ బాధే లెక్కను సరిచేసింది. "రోజుకు" అన్న మాట వచ్చినప్పుడల్లా "రోజూ కొన్నారా? కొనని రోజులున్నాయా?" అని అడగాలి. దీన్ని పన్నెండు వరుసలుగా, లేని తేదీలు కల్పించి రాయకండి. "1 నుంచి 14 వరకు, 12 రోజులు" అని ఒకే వరుస చాలు.

తేదీల దగ్గర కాసేపు ఆగాలి. మన స్త్రీలు తారీకులతో తక్కువ, సందర్భాలతో ఎక్కువ గుర్తుపెట్టుకుంటారు. అమావాస్య, పీర్ల పండుగ, బడి తెరిచిన రోజు, సంఘం మీటింగు, కూలి పంచిన రోజు. ఇవి అస్పష్టమైన గుర్తులని అనుకోవద్దు. గోడ మీద క్యాలెండర్ ఉంటే ఇవి చాలా గట్టివి. 2024 జూలైలో అమావాస్య 5వ తేదీన వచ్చింది. కాబట్టి తమ్ముడు వచ్చింది 4న. సంఘం కిస్తు ఎప్పుడు కట్టిందో ఆమె చెప్పలేదు, కానీ సంఘం పుస్తకంలో ఉంటుంది. 10వ తేదీ అని ఉందనుకుందాం.

"మొన్న శుక్రారం" దగ్గర మాత్రం జాగ్రత్త. 15న మాట్లాడుతున్నాం కాబట్టి మొన్నటి శుక్రవారం 12 అని వేసేస్తాం. కానీ తెలుగులో "మొన్న" ఎంత దూరమైనా సాగుతుంది, పెళ్లయి పదేళ్లయినా "మొన్న పెళ్లయినట్టుంది" అంటాం. డాక్టరు చీటీ తీయించి చూస్తే 5-7 అని ఉంది. పొల్ల చేతిలో మేనమామ పెట్టిన రెండొందలు ఆ మరునాడే సూదికి పోయాయన్నమాట. ఇది పదిహేను రోజుల మొత్తాన్ని మార్చదు. కానీ అఫిడవిట్‌లో 12 అని రాసి, చీటీ 5వ తేదీది జతచేస్తే అవతలి వకీలు పట్టుకునేది సరిగ్గా ఆ ఒక్క వరుసనే. ఒక తేదీ అబద్ధమైతే మిగతావన్నీ అబద్ధాలే అంటాడు. అందుకని ప్రతి తేదీ పక్కన ఒక చిన్న గుర్తు పెట్టడం మంచిది. కాగితం చూసి వేసింది "కా", పండుగో వారమో ఆధారంగా లెక్కగట్టింది "లె", అంచనా అయితే "అం". తెలియని తేదీకి ఒకటో తారీకు వేసే అలవాటు ఆఫీసుల్లో ఉంది. దానివల్ల ప్రతి ఇంట్లోనూ ఖర్చంతా ఒకటో తారీకునే జరిగినట్టు కనిపిస్తుంది. తెలియకపోతే నెల మాత్రమే రాసి వదిలేయడం నిజాయితీ.

అంకెలు మాటల్లో చెప్పినప్పుడు వచ్చే చిక్కులు కూడా ఉన్నాయి. "వెయ్యిన్నూరు" అంటే 1,100 అని కట్నాల చదివింపులు విన్నవాళ్లందరికీ తెలుసు. అయినా కొత్తగా చేరిన కార్యకర్తలు 1,500 అని రాసిన కాగితాలు నేను చూశాను. "మూడున్నర" అంటే మందుల గురించైతే 350, ఫీజు గురించైతే 3,500 కావచ్చు. తాండూరులో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో "డేఢ్ సౌ", "ఢాయి సౌ" అంటారు, 150, 250. దాన్ని "రెండొందలు" అని విన్నవాళ్లు విన్నట్టు రాసేస్తే యాభై పోయింది. కాబట్టి రాసిన అంకెను తిరిగి చదివి వినిపించాలి, ఆమె మాటల్లోనే. "రెండొందల యాభై, అంతేనా?" అంటే తప్పయితే వెంటనే దిద్దుతుంది.

ఇప్పటిదాకా తేలినదాన్ని పట్టికలో పెడదాం. మూడు గళ్లకు నాలుగోది ఒకటి కలిపాను. దాని అవసరం తర్వాత చెబుతాను.

| తేదీ (2024) | పద్దు | మొత్తం రూ. | ఎవరికి / గుర్తు |
|---|---|---|---|
| 1-7 | జమ: భర్త కూలి | 8,000 | 15 రోజులకు |
| 1-7 | అడ్వాన్సు కోత | 2,000 | చేతికి రాలేదు |
| 1-7 | ఉద్దెర తీర్చడం | 1,200 | జూన్ సామాను, ఇంటికి |
| 1-7 | భర్త చేతి ఖర్చు | 1,000 | భర్తకు |
| 4-7 (లె) | జమ: పుట్టింటి నుంచి | 200 | కూతురికి |
| 5-7 (కా) | వైద్యం | 400 | కూతురికి |
| 10-7 (కా) | సంఘం కిస్తు | 1,100 | అప్పు |
| 1 నుంచి 14-7 (అం) | కూరగాయలు | 600 | ఇంటికి, 12 రోజులు |

నగదు కదలని వరుసలను దీని కింద గీత గీసి విడిగా రాయాలి. ఉద్దెరకు తెచ్చిన కిరాణా 600, కంట్రోలు బియ్యం 30 కిలోలు, ఆమె కలుపు కూలి రావలసింది 900. మూడు రోజుల ఆమె కూలి మొదటి పట్టికలో ఎక్కడా లేదు, గమనించారా? ఆమె చెప్పింది, మనం రాయలేదు. "పైసలింక రాలె" అన్నది కాబట్టి ఆదాయం కాదనుకున్నాం. నగదు లెక్కలో అది నిజమే. కానీ ఆమె శ్రమ లెక్కలో 900 రూపాయలు ఒక రైతు దగ్గర బాకీ ఉన్నాయి. ఇంటి చాకిరీ లెక్కకు రాదని మనం ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతున్నాం. ఇక్కడ బయట చేసిన కూలి కూడా లెక్కకు రాకుండా పోయేది.

ఇప్పుడు సరిచూడాలి. ఈ పని మనలో చాలామంది చేయరు, నా దృష్టిలో అసలు పని ఇదే. మొదట చేతిలో ఏమీ లేదంది. వచ్చినది 8,000, 200 కలిపి 8,200. పోయినది కోతతో సహా కూడితే 6,300. అంటే 1,900 మిగలాలి. ఆమె చేతిలో ఉన్నది 200. తేడా 1,700.

ఆమె అబద్ధం చెప్పిందని కాదు. ఒక్కసారి విన్న ఏ ఇంటి లెక్కా కుదరదు. డారిల్ కాలిన్స్, జొనాథన్ మార్డక్, స్టువర్ట్ రూథర్‌ఫర్డ్, ఒర్లాండా రూత్‌వెన్ అనే నలుగురు పరిశోధకులు బంగ్లాదేశ్‌లో, మన దేశంలో, దక్షిణాఫ్రికాలో పేద కుటుంబాల డబ్బు వ్యవహారాలను ఏడాదిపాటు దాదాపు పదిహేను రోజులకోసారి వెళ్లి రాసుకున్నారు. ఆ పని 2009లో పుస్తకంగా వచ్చింది. వాళ్లకూ తొలి సందర్శనల్లో రాక, పోక కుదరలేదు. పరిచయం పెరిగి, మళ్లీ మళ్లీ అడిగిన కొద్దీ తేడా తగ్గింది. తేడా అంటే మరుపు మాత్రమే కాదు, నమ్మకం చాలలేదని కూడా.

కాబట్టి తేడాను "ఇతరాలు" అని రాసి మూసేయకుండా ఆమె ముందు పెట్టాలి. నిలదీసినట్టు కాకుండా "అక్కా, పదిహేడొందలు ఎటువోయినయో మనిద్దరం వెతుకుదాం" అన్నట్టు. పూట పూట గుర్తుచేస్తూ పోతే ఆమె ఒక్కొక్కటే చెబుతుంది. ఫోనుకు మూడొందలు ఏయించిండు. అత్తమ్మ బీపీ గోలీలకు మూడొందల యాభై. పోయిన శనివారం రాత్రి తాగొచ్చి మళ్లా నాలుగొందలు అడిగి గుంజుకుండు. ఇది చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది. ఆఖరున, పిల్లలు బయటికి వెళ్లాక, "చిట్టీకి ఐదొందలు కట్టిన, ఈయనకు ఎరుక లేదు" అంటుంది. మొత్తం 1,550. ఇంకా 150 తేలలేదు. ఆ 150ని "తేలనిది" అనే పేరుతోనే రాసి వదిలేయాలి. లెక్క కుదిరినట్టు కనిపించాలని కూరగాయల్లో కలపడం దొంగలెక్క.

తేడాలోంచి బయటపడ్డ ఈ నాలుగు వరుసలూ ఎలాంటివో చూడండి. ఒకటి హింసతో ముడిపడింది, ఒకటి ఆమె రహస్యం, ఒకటి అత్తగారి కోసం ఆమె చేసే సేవలో భాగం. కథలో ఆమె వీటిని మింగేసింది. కూడికలో తేడా రాకపోతే మనం అడిగేవాళ్లం కాదు.

నాలుగో గడి ఎందుకో ఇప్పుడు చెప్పవచ్చు. పద్దు "దేనికి" అని చెబుతుంది, "ఎవరికి" అని చెప్పదు. "ఇంటి ఖర్చు" అనే పద్దులో అతని తాగుడు, పొల్ల సూది పక్కపక్కనే కూర్చుంటాయి. ఎవరికి అనే గడి పెట్టి కూడితే అతని చేతి ఖర్చు, గుంజుకున్నది కలిసి 1,400. ఇంటికి నగదుగా వచ్చిన 6,200లో నాలుగో వంతుకు కాస్త తక్కువ. ఫోను కలపాలా? ఆయన ఫోనే గాని పొద్దుగూకితే పిల్లలు కూడా చూస్తారని ఆమె అంటే, "ఫోను, అందరికీ" అని రాయండి. మనకు కావలసిన జవాబు కోసం వరుసను అటు తోయకూడదు. ఇక ఆ పదిహేను రోజుల్లో "ఆమెకు" అని ఒక్క వరుస కూడా లేదు. ఈ మాట నేను వేదిక మీద నుంచి అనడం వేరు, ఆ గడి ఖాళీగా ఉండడం ఆమే చూసుకోవడం వేరు.

కంప్యూటర్‌లో షీటు చేసేవాళ్లకు ఒక్క మాట. మొత్తం గడిలో అంకె తప్ప మరేమీ రాయకండి. "400 రూ. సుమారు" అని రాస్తే కంప్యూటర్ దాన్ని కూడదు, కూడలేదని చెప్పదు కూడా. సుమారు అన్న మాట నాలుగో గడిలో ఉండాలి. పద్దు పేరు ప్రతిసారీ ఒకేలా రాయాలి. "కూరగాయలు", "కూరగాయ", "తర్కారీ" మూడు వేర్వేరు పద్దులవుతాయి. నేనైతే పన్నెండుకు మించి పద్దులు పెట్టను.

చిట్టీ సంగతికి వస్తాను, ఎందుకంటే ఇక్కడ మనవల్ల హాని జరిగే ప్రమాదం ఉంది. అతనికి తెలియని ఐదొందలను తేదీతో సహా మనం కాగితం మీద పెట్టాం. ఆ కాగితం ఎక్కడ ఉంటుంది? ఇంట్లో అటక మీద పెడితే అతని చేతిలో పడవచ్చు. అలా పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. రాయడం మొదలుపెట్టక ముందే ఈ లెక్క దేనికో, ఎవరు చూస్తారో ఆమెకు చెప్పాలి. ఆమె కోసం రాసుకునే లెక్క అయితే అది కేంద్రంలోనే ఉండాలి, లేదా ఆ వరుస ఆమెకే అర్థమయ్యే గుర్తుతో ఉండాలి. కోర్టుకు ఇచ్చేదైతే పరిస్థితి వేరు. ప్రమాణం చేసిన అఫిడవిట్‌లో పొదుపును దాచడం ఆమె కేసుకే ముప్పు, కాబట్టి అది అతని కంట పడుతుందని ముందే చెప్పి, వకీలుతో మాట్లాడించి, ఆమె నిర్ణయించుకున్నాకే రాయాలి. విన్నదల్లా రాసే హక్కు మనకు లేదు.

చివరిగా, ఈ పదిహేను రోజుల లెక్కను నెల లెక్క చేయడం. రెండుతో గుణించేస్తే సరిపోతుందనుకుంటాం. కూరగాయలకు అది దాదాపు సరిపోతుంది. కిస్తు, చిట్టీ, అత్తగారి గోలీలు నెలకొకసారే, వాటిని రెట్టింపు చేస్తే తప్పు. జ్వరం ప్రతినెలా రాదు. అసలు ఈ పదిహేను రోజుల్లో కనిపించనివి ఎన్నో ఉన్నాయి. జూన్‌లో కొన్న నోటుబుక్కులు, దసరా బట్టలు, చెప్పులు, ఏడాదికోసారి ఆసుపత్రి. ప్రభుత్వ వినియోగ సర్వేలో ఈ చిక్కును ఇలా దాటుతారు: కూరగాయలు, నూనె, గుడ్లు, మాంసం లాంటివి గడచిన 7 రోజులకు, బియ్యం, పప్పులు, ఇంధనం లాంటివి 30 రోజులకు, బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు 365 రోజులకు అడుగుతారు. మనమూ అదే చేయవచ్చు. మొదటి రెండూ కథలోంచి తీసుకుని, మూడోదాని కోసం "పోయిన ఏడు ఇదే నెల నుంచి ఇప్పటిదాకా" అని మరో కథ చెప్పించుకుని, దాన్ని పన్నెండుతో భాగించాలి.

ఇంత చేశాక కూడా కోర్టు కాగితంలో ఒక మోసం మిగిలే ఉంటుంది. అయిన ఖర్చు, కావలసిన ఖర్చు ఒకటి కావు. కూర వండని రెండు రోజులు పట్టికలో వంద రూపాయల పొదుపులా కనిపిస్తాయి. భర్త వదిలేసి ఆరు నెలలైన మనిషి లెక్క రాస్తే ఇంకా తక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే ఆమె దగ్గర ఖర్చు పెట్టడానికే లేదు. "నెలకు మూడు వేలతో బతుకుతోంది కదా" అని అవతలి వకీలు వాదించడానికి మన పట్టికే ఆధారమవుతుంది. అందుకని పక్కపక్కన రెండు మొత్తాలు రాయండి. అయినది ఒకటి, ఆ పద్దుకు మామూలుగా కావలసినది ఒకటి. కూరగాయలకు 600, కావలసినది 700. రెండోదాన్ని మనం ఊహించి వేయకూడదు. కలిసి కాపురం చేసిన రోజుల్లో ఎంత ఖర్చయ్యేదో ఆమె కథలోంచే రావాలి, వీలైతే కిరాణం దుకాణం ఉద్దెర పుస్తకంలోంచి రావాలి. ఆ పుస్తకం పేజీలు ఫోటో తీసి పెట్టుకోండి, పుస్తకం నిండితే దుకాణదారు పారేస్తాడు.

ఆమె చెప్పిన మాటలు రాసుకున్న కాగితాన్ని మాత్రం పట్టిక తయారయింది కదా అని చింపకండి. పట్టిక వెనక పిన్ను కొట్టి ఉంచండి. ఏ వరుస మీద ప్రశ్న వచ్చినా తిరిగి చూసుకోవలసింది ఆ కాగితాన్నే. మధ్యాహ్నం మీరు ముగ్గురు ముగ్గురుగా కూర్చుని, ఒకరు చెబుతుంటే ఒకరు రాస్తూ, మూడోవారు రాక పోక కూడుతూ మీ మీ ఇళ్ల పోయిన వారం లెక్క రాయండి. చెప్పదలచుకోనిది చెప్పనక్కర్లేదు, దాన్ని "తేలనిది"లో వేయండి.